వెళ్లిన ప్యాకెట్‌కు జవాబు ఎందుకు రాలేదు: సెక్యూరిటీ గ్రూప్, నెట్‌వర్క్ ఏసీఎల్ మధ్య అసలు తేడా

(క్లౌడ్ నెట్‌వర్కింగ్ మీద ఇంజినీర్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఈ రోజు ఒకే ఒక్క సమస్య గురించి మాట్లాడతాను. అప్లికేషన్ సర్వర్ డేటాబేస్‌కు కనెక్ట్ కావడం లేదు. సెక్యూరిటీ గ్రూప్ చూశారు, సరిగ్గానే ఉంది. రూట్ టేబుల్ చూశారు, అదీ బాగానే ఉంది. డేటాబేస్ ప్రాసెస్ నడుస్తోంది, పోర్ట్ మీద వింటోంది కూడా. అయినా అప్లికేషన్ లాగ్‌లో మాత్రం `Connection timed out` అని పడుతోంది. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామందికి ఇది ఎదురై ఉంటుంది. కారణాలు చాలా ఉండొచ్చు. కానీ ఈ లక్షణాలన్నీ ఒకేసారి కనిపిస్తే నేను ముందుగా చూసేది సబ్‌నెట్ మీద ఉన్న నెట్‌వర్క్ ఏసీఎల్. ఆఫీసుల్లో దాన్ని నాకిల్ అంటాం కదా, నేనూ అలాగే అంటాను.

నేను చెప్పేదంతా ఏడబ్ల్యూఎస్ గురించే. ఎందుకంటే ఈ చిక్కు అక్కడ ఎక్కువ. అజూర్‌లో నెట్‌వర్క్ సెక్యూరిటీ గ్రూప్‌ను సబ్‌నెట్‌కు తగిలించినా అది స్టేట్‌ఫుల్‌గానే పనిచేస్తుంది. గూగుల్ క్లౌడ్‌లో వీపీసీ ఫైర్‌వాల్ రూల్స్ కూడా స్టేట్‌ఫుల్లే. ఒరాకిల్ క్లౌడ్‌లో అయితే ఏ రూల్‌కు ఆ రూల్ స్టేట్‌ఫుల్లా స్టేట్‌లెస్సా అని మనమే ఎంచుకోవచ్చు. ఏడబ్ల్యూఎస్‌లో సబ్‌నెట్ అంచున ఉండే నాకిల్ మాత్రం స్టేట్‌లెస్, దాన్ని మార్చడానికి వీల్లేదు. వేరే క్లౌడ్ నుంచి ఇటు వచ్చినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ముందు సెక్యూరిటీ గ్రూప్ సంగతి చూద్దాం. అది మెషీన్‌కు తగిలి ఉండే నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ మీద పనిచేస్తుంది. ఒక కనెక్షన్ మొదలైనప్పుడు ఎవరు, ఏ పోర్ట్ నుంచి, ఎవరికి, ఏ పోర్ట్‌కు, ఏ ప్రోటోకాల్‌లో అనే అయిదు వివరాలను అది గుర్తు పెట్టుకుంటుంది. మొదటి ప్యాకెట్‌ను ఏదో ఒక రూల్ అనుమతిస్తే చాలు, దానికి వచ్చే జవాబును అది ఇక ఏ రూల్‌తోనూ పోల్చి చూడదు. "ఈ మాటలు ముందే మొదలయ్యాయి" అని తెలుసు కాబట్టి వదిలేస్తుంది. దీన్నే కనెక్షన్ ట్రాకింగ్ అంటారు, స్టేట్‌ఫుల్ అనడం ఇందుకే. నమ్మకం లేకపోతే ఒక పని చేసి చూడండి. డేటాబేస్ మెషీన్ సెక్యూరిటీ గ్రూప్‌లో అవుట్‌బౌండ్ రూల్స్ మొత్తం తీసేయండి. బయటి నుంచి వచ్చే కనెక్షన్లకు ఆ డేటాబేస్ నిక్షేపంగా జవాబిస్తూనే ఉంటుంది. తనంతట తానుగా కొత్త కనెక్షన్ మాత్రం దేనికీ తెరవలేదు.

నాకిల్‌కు ఈ జ్ఞాపకం లేదు. అది సబ్‌నెట్ సరిహద్దు దాటే ప్రతి ప్యాకెట్‌నూ విడిగా చూస్తుంది. ఇది కొత్త అభ్యర్థనా, ఇంతకు ముందు వెళ్లినదానికి జవాబా అన్నది దానికి తెలియదు, తెలుసుకునే ప్రయత్నమూ చేయదు. రూల్ నంబర్లు చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా చూసుకుంటూ పోతుంది. మొదట ఏది సరిపోతే దాని మాటే ఖాయం, ఆ తర్వాతి రూల్స్ జోలికి పోదు. ఏదీ సరిపోకపోతే చివర్లో నక్షత్రం గుర్తుతో ఉండే రూల్ ప్యాకెట్‌ను ఆపేస్తుంది.

ఇక్కడ ఒక వివరం మీద కాసేపు ఆగాలి, ఎందుకంటే గందరగోళమంతా దీని దగ్గరే మొదలవుతుంది. నాకిల్ రూల్‌లో పోర్ట్ రేంజ్ అని ఒకే ఒక్క గడి ఉంటుంది. అది ఎప్పుడూ డెస్టినేషన్ పోర్ట్. ఇన్‌బౌండ్ రూల్‌లోనూ అంతే, అవుట్‌బౌండ్ రూల్‌లోనూ అంతే. ప్యాకెట్ ఏ పోర్ట్ నుంచి బయల్దేరిందో చూసి వడకట్టే అవకాశం నాకిల్‌లో లేనే లేదు. పాత రౌటర్లలో ఏసీఎల్‌లు రాసి అలవాటైనవాళ్లు "సోర్స్ పోర్ట్ 5432 అయితే పంపించు" అని రాయాలని చూస్తారు. ఇక్కడ అలా రాయడానికి గడి ఉండదు.

ఇప్పుడు ఒక కేసు తీసుకుందాం. అప్లికేషన్ సబ్‌నెట్ 10.0.1.0/24. డేటాబేస్ సబ్‌నెట్ 10.0.2.0/24. అప్లికేషన్ సర్వర్ 10.0.1.25, అది లైనక్స్. డేటాబేస్ సర్వర్ 10.0.2.40, ఒక ఈసీ2 మెషీన్ మీద మనమే పెట్టుకున్న పోస్ట్‌గ్రెస్, పోర్ట్ 5432. సెక్యూరిటీ గ్రూప్స్ రెండూ సరిగ్గా రాశారు. అప్లికేషన్ వైపు 5432కు బయటికి వెళ్లనిచ్చారు, డేటాబేస్ వైపు అప్లికేషన్ గ్రూప్ నుంచి 5432కు లోపలికి రానిచ్చారు. ఇదంతా చాన్నాళ్లుగా బాగానే నడుస్తోంది.

తర్వాత ఆడిట్ వచ్చింది. డేటాబేస్ సబ్‌నెట్‌కు విడిగా నాకిల్ ఉండాలన్నారు. అప్పటివరకు రెండు సబ్‌నెట్లకూ వీపీసీతో పాటు వచ్చే డిఫాల్ట్ నాకిలే ఉంది. అది రాకపోకలన్నింటినీ అనుమతిస్తుంది, అందుకే అది ఒకటుందని చాలామందికి గుర్తే ఉండదు. మనం కొత్తగా సృష్టించే నాకిల్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. రూల్ రాసేదాకా రెండు వైపులా అన్నింటినీ ఆపేస్తుంది. సరే, ఎవరో కూర్చుని ఇలా రాశారు:

```
inbound   100  TCP  5432  10.0.1.0/24  ALLOW
outbound  100  TCP  5432  10.0.1.0/24  ALLOW
```

చూడ్డానికి ముచ్చటగా ఉంది. డేటాబేస్ పోర్ట్ 5432. లోపలికి 5432, బయటికి 5432. రివ్యూ చేసినవాళ్లు కూడా ఓకే అనేశారు. ఆ నాకిల్‌ను సబ్‌నెట్‌కు తగిలించిన క్షణం నుంచే అప్లికేషన్ మూగబోయింది.

ఏం జరిగిందో ప్యాకెట్ వెంబడే వెళ్లి చూద్దాం. అప్లికేషన్ సర్వర్ కనెక్షన్ తెరిచేటప్పుడు దాని ఆపరేటింగ్ సిస్టమ్ తనవైపు ఒక తాత్కాలిక పోర్ట్ ఎంచుకుంటుంది. ఎఫిమెరల్ పోర్ట్ అంటాం. ఈసారి అది 41876 అనుకుందాం. మొదటి ప్యాకెట్, అంటే సిన్, 10.0.1.25లో 41876 నుంచి 10.0.2.40లో 5432కు బయల్దేరింది. డేటాబేస్ సబ్‌నెట్ నాకిల్ ఇన్‌బౌండ్ రూల్ చూసింది. డెస్టినేషన్ పోర్ట్ 5432, సోర్స్ 10.0.1.0/24లోదే. లోపలికి పంపింది. సెక్యూరిటీ గ్రూప్ కూడా సరేనంది. పోస్ట్‌గ్రెస్ మెషీన్‌కు సిన్ చేరింది, అది సిన్-యాక్ పంపింది. ఈ జవాబు 10.0.2.40లో 5432 నుంచి 10.0.1.25లో 41876కు వెళ్లాలి. అంటే జవాబు ప్యాకెట్‌కు డెస్టినేషన్ పోర్ట్ 41876. ఇక 5432 దానికి సోర్స్ పోర్ట్ అయిపోయింది. నాకిల్ అవుట్‌బౌండ్ రూల్ 100 తీసి చూసింది. డెస్టినేషన్ 5432 అయితేనే పంపమని ఉంది. ఇది 41876. సరిపోలేదు. తర్వాత మిగిలింది నక్షత్రం రూల్ ఒక్కటే. ప్యాకెట్ అక్కడితో ఆగిపోయింది.

అంటే ఆ అవుట్‌బౌండ్ రూల్ అనవసరమైన పని ఒకటి చేస్తోంది. డేటాబేస్ సర్వర్ తనంతట తానుగా అప్లికేషన్ సర్వర్‌లో 5432 పోర్ట్‌కు కనెక్షన్ తెరవాలనుకుంటే దానికి అనుమతిస్తోంది. అక్కడ ఆ పోర్ట్ మీద వినేవాళ్లెవరూ లేరు. కావాల్సిన జవాబుకు మాత్రం దారి లేదు.

దీన్ని ఎలా కనిపెట్టాలి? మొదటి ఆనవాలు ఎర్రర్ సందేశంలోనే ఉంది. `Connection refused` అని వస్తే, అవతలి మెషీన్ దాకా వెళ్లాం, అక్కడ వినే ప్రాసెస్ లేదని చాలాసార్లు అర్థం. అంటే జవాబు మన దాకా వచ్చిందన్నమాట. నాకిల్ గానీ సెక్యూరిటీ గ్రూప్ గానీ ప్యాకెట్‌ను ఆపితే చడీచప్పుడు లేకుండా పడేస్తాయి, తిరస్కరించినట్టు కబురు పంపవు. అందుకే అప్లికేషన్ వేచి చూసి చూసి టైమౌట్ అంటుంది. అయితే సిన్ వెళ్లకపోయినా టైమౌటే, సిన్-యాక్ రాకపోయినా టైమౌటే. అప్లికేషన్ లాగ్ చూసి ఈ రెండింటికీ తేడా చెప్పలేం. తేడా తెలియాలంటే డేటాబేస్ మెషీన్ మీదికి వెళ్లాలి.

అక్కడ ఇది నడపండి:

```
sudo tcpdump -ni any tcp port 5432
```

అప్లికేషన్ వైపు నుంచి ఒకసారి కనెక్షన్ ప్రయత్నించండి. మన కేసులో ఇలా కనిపిస్తుంది. టైమ్, సీక్వెన్స్ నంబర్లు తీసేసి చూపిస్తున్నాను:

```
10.0.1.25.41876 > 10.0.2.40.5432: Flags [S]
10.0.2.40.5432 > 10.0.1.25.41876: Flags [S.]
10.0.1.25.41876 > 10.0.2.40.5432: Flags [S]
10.0.2.40.5432 > 10.0.1.25.41876: Flags [S.]
```

`[S]` అంటే సిన్, `[S.]` అంటే సిన్-యాక్. సిన్ వచ్చింది, జవాబు పంపాం. మళ్లీ అదే పోర్ట్ నుంచి అదే సిన్ వచ్చింది, మళ్లీ జవాబు పంపాం. అవతలివాడికి జవాబు అందితే మూడో అడుగుగా యాక్ రావాలి, అది ఎప్పటికీ రావడం లేదు. ఇదే సమయంలో అప్లికేషన్ మెషీన్ మీద tcpdump పెడితే బయటికి వెళ్లే సిన్‌లు మాత్రమే కనిపిస్తాయి, ఒక్క జవాబూ ఉండదు. `ss -tan` కొడితే డేటాబేస్ వైపు `SYN-RECV`, అప్లికేషన్ వైపు `SYN-SENT`. ఈ జంట కనిపించిందంటే వెళ్లే దారి బాగుంది, వచ్చే దారి తెగిపోయిందని తేల్చేయొచ్చు. డేటాబేస్ మెషీన్ మీద సిన్ అసలు కనిపించకపోతే మాత్రం గొడవ వెళ్లే దారిలోనే ఉంది, అది వేరే వెతుకులాట.

ఒక చిన్న హెచ్చరిక. tcpdump‌లో జవాబు బయటికి వెళ్లినట్టు కనిపిస్తోంది కదా అని "మా వైపు నుంచి పంపేశాం" అని డేటాబేస్ టీమ్ చేతులు దులుపుకుంటుంది. నాకిల్ ఉండేది మెషీన్ బయట. మెషీన్ లోపల నడిచే tcpdump‌కు ఆ తర్వాత జరిగింది కనిపించదు.

మేనేజ్డ్ డేటాబేస్ అయితే లోపలికి వెళ్లి tcpdump నడపలేం. అప్పుడు వీపీసీ ఫ్లో లాగ్స్ ఆదుకుంటాయి. డేటాబేస్ ఇంటర్‌ఫేస్ మీద ఫ్లో లాగ్ పెట్టి చూస్తే, సోర్స్ అడ్రస్, డెస్టినేషన్ అడ్రస్, సోర్స్ పోర్ట్, డెస్టినేషన్ పోర్ట్, నిర్ణయం, ఈ అయిదు నిలువు వరుసలు మాత్రమే ఉంచితే ఇలా ఉంటుంది:

```
10.0.1.25 10.0.2.40 41876 5432  ACCEPT
10.0.2.40 10.0.1.25 5432  41876 REJECT
```

ఈ రెండు లైన్లు పక్కపక్కన కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు. లోపలికి వచ్చిన ప్యాకెట్‌కు `ACCEPT`, అదే కనెక్షన్‌కు తిరుగు ప్యాకెట్‌కు `REJECT`. సెక్యూరిటీ గ్రూప్ ఇలా ప్రవర్తించదు, ఎందుకంటే అది వచ్చినదాన్ని ఒప్పుకుంటే జవాబునూ ఒప్పుకుంటుంది. కాబట్టి ఆపింది నాకిలే. సెక్యూరిటీ గ్రూపే ఆపి ఉంటే వచ్చే ప్యాకెట్‌కు ఒకే ఒక్క `REJECT` లైన్ కనిపించి ఊరుకుంటుంది. ఫ్లో లాగ్‌లో ఏ రూల్ ఆపిందో పేరు రాయదు, అయినా ఈ ఆకారం చూసి మనమే చెప్పగలం. ఒకటి గుర్తుంచుకోండి, ఫ్లో లాగ్ లైన్లు వెంటనే పడవు. డిఫాల్ట్‌గా పది నిమిషాల ప్యాకెట్లు కూడబెట్టి రాస్తుంది, ఒక నిమిషానికి తగ్గించుకోవచ్చు. ఆపైన అవి లాగ్‌లోకి చేరడానికి ఇంకొంచెం సమయం పడుతుంది. రూల్ మార్చిన మరుక్షణం లాగ్ చూసి "ఇంకా రిజెక్టే వస్తోంది" అని కంగారు పడకండి.

ఇప్పుడు సరిచేద్దాం. అవుట్‌బౌండ్ రూల్‌లో పోర్ట్ రేంజ్ ఏం రాయాలి? జవాబు వెళ్లేది క్లయింట్ ఎంచుకున్న ఎఫిమెరల్ పోర్ట్‌కు. అది ఏ నంబరు వస్తుందో ముందుగా తెలియదు, కాబట్టి క్లయింట్ ఎంచుకోగలిగే రేంజ్ మొత్తం తెరవాలి. రెండో తప్పు పుట్టేది ఇక్కడే, నన్నడిగితే మొదటి తప్పు కంటే ఇది ప్రమాదకరం. మొదటిదాంట్లో ఏదీ పనిచేయదు కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. రెండోది సగం పనిచేస్తుంది.

ఎఫిమెరల్ పోర్ట్ రేంజ్ ఎంత అని వెతికితే చాలాచోట్ల 49152 నుంచి 65535 అని కనిపిస్తుంది. ఇది ఐయానా కేటాయించిన డైనమిక్ రేంజ్. నేటి విండోస్ సర్వర్లు డిఫాల్ట్‌గా ఇదే వాడతాయి. లైనక్స్ అలా కాదు. మీ అప్లికేషన్ సర్వర్ మీద ఇది కొట్టి చూడండి:

```
cat /proc/sys/net/ipv4/ip_local_port_range
```

సాధారణంగా 32768, 60999 అని వస్తుంది. ఇప్పుడు ఎవరో నాకిల్ అవుట్‌బౌండ్‌లో 49152-65535 అని రాశారనుకోండి. లైనక్స్ వాడే 28,232 పోర్టుల్లో ఆ రూల్‌కు లోబడేవి 49152 నుంచి 60999 వరకు, అంటే 11,848. మొత్తంలో దాదాపు 42 శాతం. మిగతా 58 శాతం పోర్టులకు జవాబు రాదు.

బయటికి ఇది ఎలా కనిపిస్తుంది? ఒకసారి కనెక్ట్ అవుతుంది, ఇంకోసారి కాదు. పైగా నాణెం ఎగరేసినట్టు కూడా ఉండదు. ఒకే గమ్యానికి వరుసగా తెరిచే కనెక్షన్లకు లైనక్స్ కెర్నెల్ సాధారణంగా దగ్గరదగ్గర పోర్టులనే ఇచ్చుకుంటూ ముందుకు జరుగుతుంది. అందువల్ల కాసేపు అన్నీ పనిచేస్తాయి, తర్వాత కాసేపు వరుసగా అన్నీ పోతాయి. చూసేవాళ్లకు "మధ్యాహ్నం డేటాబేస్ మీద లోడ్ ఎక్కువైంది" అనిపిస్తుంది. కనెక్షన్ పూల్ ఉంటే ఇంకా మోసం. అదృష్టం కొద్దీ మంచి పోర్ట్ దొరికిన కనెక్షన్లు గంటల తరబడి తెరిచే ఉంటాయి, వాటి మీద అప్లికేషన్ హాయిగా నడుస్తుంది. డిప్లాయ్ చేసి పూల్ కొత్తగా తెరుచుకున్నప్పుడు సమస్య బయటపడుతుంది. అప్పుడు నింద కొత్త కోడ్ మీద పడుతుంది. డెవలపర్ తన విండోస్ మెషీన్ నుంచి వీపీఎన్ ద్వారా ప్రయత్నిస్తే, ఆ దారికీ అదే రేంజ్ తెరిచి ఉంటే, ప్రతిసారీ పనిచేస్తుంది. దాంతో టెన్షన్ ఇంకా పెరుగుతుంది.

సిన్ మళ్లీ పంపుతారు కదా, ఎప్పుడో ఒకసారి వెళ్తుందిలే అని కొందరంటారు. అది కుదరదు. తిరిగి పంపే సిన్ కూడా అదే సోర్స్ పోర్ట్ నుంచి వెళ్తుంది. పోర్ట్ 41876కు దారి లేదంటే ఎన్నిసార్లు పంపినా లేదు. అప్లికేషన్ ఆ కనెక్షన్‌ను వదిలేసి కొత్తది తెరిస్తేనే పోర్ట్ మారుతుంది.

ఇలాంటి కేసులో పోర్ట్ నంబర్లే సాక్ష్యం. విఫలమైన ప్రయత్నాల సోర్స్ పోర్టులు ఒక పక్క, సఫలమైనవి ఒక పక్క రాసుకోండి. ఫ్లో లాగ్‌లో తిరుగు ప్యాకెట్ల లైన్లే చూస్తే `REJECT` పడ్డవన్నీ 49152 కంటే తక్కువ పోర్టులకు, `ACCEPT` పడ్డవన్నీ అక్కడి నుంచి పై పోర్టులకు వెళ్లినవే అని తేలితే పని అయిపోయినట్టే. లోడ్ సమస్యకు పోర్ట్ నంబరు తెలియదు కదా. (నవ్వులు)

అనుమానం ఉంటే చేత్తో కూడా పరీక్షించవచ్చు. `nc`లో సోర్స్ పోర్ట్ మనమే ఇవ్వొచ్చు:

```
nc -vz -w 3 -p 40000 10.0.2.40 5432
nc -vz -w 3 -p 50000 10.0.2.40 5432
```

మొదటిది టైమౌట్ అయి, రెండోది కనెక్ట్ అయితే రూల్‌లో రేంజ్ తప్పు. నిమిషంలో తేలిపోతుంది.

మన కేసులో క్లయింట్లన్నీ లైనక్స్ అని ఖాయంగా తెలుసు కాబట్టి సరైన రూల్ ఇదీ:

```
outbound  100  TCP  32768-60999  10.0.1.0/24  ALLOW
```

క్లయింట్లలో విండోస్ కూడా ఉంటే 32768-65535. లోడ్ బ్యాలెన్సర్, నాట్ గేట్‌వే, లాంబ్డా లాంటివి క్లయింట్‌గా ఉంటే అవి 1024 నుంచి 65535 వరకు ఏ పోర్టైనా వాడతాయి, కాబట్టి మొత్తం తెరవాల్సిందే. రేపు అప్లికేషన్ సబ్‌నెట్‌కు కూడా విడిగా నాకిల్ పెడితే ఇదే పని అద్దంలో ప్రతిబింబంలా అటువైపు చేయాలి. అక్కడ అవుట్‌బౌండ్‌లో 10.0.2.0/24కు 5432, ఇన్‌బౌండ్‌లో 10.0.2.0/24 నుంచి 32768-60999. ఒక్క డేటాబేస్ కనెక్షన్ కోసం రెండు సబ్‌నెట్లలో మొత్తం నాలుగు రూల్స్. సెక్యూరిటీ గ్రూప్‌లో ఇదే పని రెండింటితో అయిపోయింది.

(శ్రోతల్లో ఒకరు: సార్, ప్రైవేట్ సబ్‌నెట్ నుంచి నాట్ గేట్‌వే ద్వారా బయటికి వెళ్లినప్పుడు ఇన్‌బౌండ్‌లో పబ్లిక్ సబ్‌నెట్ రేంజ్ ఇస్తే సరిపోదా?)

మంచి ప్రశ్న అడిగారు, చాలామంది పడే గుంట అదే. సరిపోదు. ఎందుకో చూడండి. మీ ప్రైవేట్ మెషీన్ బయట ఎక్కడో ఉన్న ఒక సర్వర్‌కు 443 మీద వెళ్లింది. నాట్ గేట్‌వే మార్చేది మీ సోర్స్ అడ్రస్‌ను. జవాబు తిరిగొచ్చినప్పుడు డెస్టినేషన్‌ను మళ్లీ మీ మెషీన్ అడ్రస్‌గా మారుస్తుంది. సోర్స్ అడ్రస్‌ను ముట్టుకోదు. అంటే మీ ప్రైవేట్ సబ్‌నెట్ సరిహద్దు దగ్గరికి వచ్చేసరికి ఆ ప్యాకెట్ సోర్స్‌లో ఉండేది ఇంటర్నెట్‌లోని సర్వర్ అడ్రసే, నాట్ గేట్‌వే అడ్రస్ కాదు. కాబట్టి ప్రైవేట్ సబ్‌నెట్ ఇన్‌బౌండ్‌లో ఎఫిమెరల్ రేంజ్‌ను 0.0.0.0/0 నుంచి అనుమతించాలి. ఆ మాట వినగానే సెక్యూరిటీ టీమ్ ఉలిక్కిపడుతుంది. "ప్రైవేట్ సబ్‌నెట్‌కు ప్రపంచం మొత్తం తెరిచారా?" అంటారు. ఇంటర్నెట్ నుంచి ఆ సబ్‌నెట్‌కు నేరుగా వచ్చే దారి లేదు, నాట్ గేట్‌వే బయటి నుంచి కొత్త కనెక్షన్లను రానివ్వదు, మెషీన్ ముందు సెక్యూరిటీ గ్రూప్ ఉంది. అందుకని అక్కడ నాకిల్ తెరిచి ఉన్నా ఆచరణలో పెద్దగా పోయేదేమీ లేదు.

పబ్లిక్ సబ్‌నెట్ విషయంలో మాత్రం వాళ్ల భయానికి అర్థం ఉంది. అక్కడ ఇన్‌బౌండ్‌లో 1024-65535ను అందరికీ తెరిస్తే జవాబులతో పాటు 3306, 5432, 6379, 8080 లాంటి పోర్టులకు వచ్చే కొత్త కనెక్షన్లు కూడా నాకిల్ దాటేస్తాయి. జవాబేదో, దాడేదో నాకిల్‌కు తెలియదని ముందే చెప్పుకున్నాం. కొందరు దీనికి విరుగుడుగా చిన్న నంబరుతో డినై రూల్ ఒకటి ముందు పెడతారు, 3389కి వచ్చేవన్నీ ఆపమని. మెషీన్లకైతే పర్లేదు. అదే సబ్‌నెట్‌లో నాట్ గేట్‌వే ఉంటే, అది ఎప్పుడో ఒకసారి తన సోర్స్ పోర్ట్‌గా 3389నే ఎంచుకుంటుంది. ఆ ఒక్క కనెక్షన్‌కు జవాబు రాదు. అరవై వేలకు పైగా పోర్టుల్లో ఒకటి. చాలా కనెక్షన్లు తెరిచే చోట ఇది నెలల తరబడి ఎవరికీ అంతుచిక్కని అడపాదడపా టైమౌట్‌గా మిగిలిపోతుంది. అందుకే ఫలానా సర్వీసు పోర్ట్‌ను కాపాడే పని సెక్యూరిటీ గ్రూప్‌కు వదిలేయమంటాను.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. నాకిల్‌లో పోర్ట్ స్థాయిలో సన్నని రూల్స్ రాయడం చాలా చోట్ల దండగ శ్రమ. ఒక్కో దిశకు డిఫాల్ట్‌గా ఇరవై రూల్స్ మాత్రమే రాయగలం, అడిగితే నలభై దాకా పెంచుతారు. ఆ ఇరవైలో ప్రతి సర్వీసుకూ జవాబు రూల్ కూడా ఇరికించాలంటే త్వరగానే నిండిపోతుంది. ఏ సబ్‌నెట్ ఏ సబ్‌నెట్‌తో మాట్లాడొచ్చు, ఏది అస్సలు మాట్లాడకూడదు అనే మోటు గీతలకు నాకిల్ బాగుంటుంది. ఇంకో చోట అది నిజంగా అక్కరకొస్తుంది, అది చెప్పి ముందుకెళ్తాను.

సెక్యూరిటీ గ్రూప్‌లో డినై రూల్ ఉండదు, అనుమతులు మాత్రమే ఉంటాయి. ఒక అడ్రస్ నుంచి దాడి జరుగుతోంది, దాన్నొక్కదాన్నే ఆపాలి అంటే సెక్యూరిటీ గ్రూప్‌తో కుదరదు. నాకిల్‌లో చిన్న నంబరుతో ఒక డినై రాస్తే ఆగిపోతుంది. ఇంకో సంగతి. సెక్యూరిటీ గ్రూప్‌లో ఒక రూల్ తీసేసినంత మాత్రాన, ఆ రూల్ ఉన్నప్పుడు మొదలై ట్రాకింగ్‌లో ఉన్న కనెక్షన్ వెంటనే తెగిపోదు. దుండగుడు ఎస్ఎస్‌హెచ్‌లో లోపల కూర్చుని ఉంటే, మీరు పోర్ట్ 22 రూల్ తీసేసినా అతని సెషన్ నడుస్తూనే ఉండొచ్చు. నాకిల్‌కు జ్ఞాపకం లేదు కాబట్టి డినై రాయగానే ఆ సెషన్ తర్వాతి ప్యాకెట్‌నే ఆపేస్తుంది. ఇంతసేపూ మనల్ని ఏడిపించిన మతిమరుపు ఇక్కడ పనికొస్తుంది.

(మరొకరు: ఒకే సబ్‌నెట్‌లో ఉన్న రెండు మెషీన్ల మధ్య డినై పెడితే ఆగుతుందా సార్?)

ఆగదు. నాకిల్ చూసేది సబ్‌నెట్ సరిహద్దు దాటే ప్యాకెట్లను మాత్రమే. ఒకే సబ్‌నెట్‌లో ఒక మెషీన్ పక్క మెషీన్‌తో మాట్లాడితే అది నాకిల్ దగ్గరికే రాదు. దానికి సెక్యూరిటీ గ్రూపే దిక్కు. డీబగ్ చేసేటప్పుడు దీన్ని మనకు అనుకూలంగా వాడుకోవచ్చు. డేటాబేస్ సబ్‌నెట్‌లోనే ఒక చిన్న మెషీన్ తెచ్చి, దానికి అప్లికేషన్ మెషీన్ సెక్యూరిటీ గ్రూపే తగిలించి, అక్కడి నుంచి 5432కు ప్రయత్నించండి. అక్కడి నుంచి ప్రతిసారీ పనిచేసి, అప్లికేషన్ సబ్‌నెట్ నుంచి పనిచేయకపోతే, సెక్యూరిటీ గ్రూప్‌నూ డేటాబేస్‌నూ అనుమానితుల జాబితాలోంచి తీసేయొచ్చు. మిగిలేవి రెండు సబ్‌నెట్ల మధ్య ఉన్నవి, అంటే నాకిల్స్, రూట్లు.

డీఎన్ఎస్ గురించి కూడా ఎవరో చేయెత్తినట్టున్నారు. వీపీసీ సొంత డీఎన్ఎస్ రిజాల్వర్‌కు వెళ్లే ట్రాఫిక్‌ను, 169.254.169.254 మీద ఉండే మెటాడేటా సర్వీసుకు వెళ్లేదాన్ని నాకిల్ వడకట్టదు. వాటి కోసం రూల్ రాయక్కర్లేదు, రాసినా ఆగవు. వేరే సబ్‌నెట్‌లోనో బయటో మీ సొంత డీఎన్ఎస్ సర్వర్ ఉంటే మాత్రం అది మామూలు ట్రాఫిక్కే. బయటికి యూడీపీ 53, టీసీపీ 53 తెరవాలి. జవాబు కోసం ఎఫిమెరల్ రేంజ్‌ను ఇన్‌బౌండ్‌లో యూడీపీకి, టీసీపీకి విడివిడిగా తెరవాలి. టీసీపీకి తెరిచి యూడీపీ మర్చిపోతే పేర్లేవీ రిజాల్వ్ కావు, ఐపీ అడ్రస్‌తో నేరుగా వెళ్తే మాత్రం అన్నీ పనిచేస్తాయి. అప్పుడు అందరూ డీఎన్ఎస్ సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తూ కూర్చుంటారు. మీరు ఆ సర్వర్ మీద పోర్ట్ 53కి tcpdump పెట్టి, ప్రశ్న వచ్చిందా, జవాబు బయల్దేరిందా అని చూడండి. రెండూ కనిపించి, అడిగిన మెషీన్ మీద జవాబు కనిపించకపోతే, అడిగిన మెషీన్ సబ్‌నెట్ ఇన్‌బౌండ్ రూల్స్ తీసి ప్రోటోకాల్ గడి చదవండి.